సెకండ్ హ్యాండ్ చిన్న కారు: డీలర్ నమ్మకం, కిలోమీటరు లెక్క

పాత కార్ల షోరూంలో ‘సర్టిఫైడ్’ అని స్టిక్కర్ వేసిన బండికి ఒక ధర, అదే మోడల్, అదే సంవత్సరం, స్టిక్కర్ లేని బండికి అంతకంటే తక్కువ ధర ఉండటం మామూలే. ఈ రెండూ ఒకే కప్పు కింద, ఒకే కంపెనీ బోర్డు వెనక నిలబడి ఉంటాయి. కొనేవాళ్లలో చాలామంది బోర్డును చూసి ధైర్యపడతారు. కానీ పెద్ద కంపెనీ పేరున్న షోరూంలో అమ్మే ప్రతి బండీ సర్టిఫైడ్ కాదు. మారుతి సుజుకి 2001లో మొదలుపెట్టిన ట్రూ వాల్యూ షోరూంలలోనూ సర్టిఫైడ్ బండ్లు, సర్టిఫై చేయని బండ్లు రెండు రకాలూ అమ్ముతారు. కాబట్టి మొదటి ప్రశ్న షోరూం గురించి కాదు, ఆ నంబరు ప్లేటున్న బండి గురించి అడగాలి: ఈ బండికి సర్టిఫికెట్ ఉందా, ఉంటే ఆ కాగితం చూపిస్తారా?

సర్టిఫికెట్ అంటే ఫలానా తేదీన ఒక మెకానిక్ కొన్ని వందల అంశాలు తనిఖీ చేసి రాసిన నివేదిక, దానితోపాటు ఇచ్చే వారంటీ. నివేదికలో ‘బాగుంది’, ‘మార్చాం’, ‘రిపేరు చేశాం’ అని అంశాల వారీగా రాసి ఉండాలి. మొత్తం కలిపి ఒక గ్రేడు మాత్రమే చూపిస్తే అది నివేదిక అనిపించుకోదు. ఇక వారంటీలో అసలు విషయం దేనికి వర్తించదు అన్న పేరాలో ఉంటుంది. సాధారణంగా ఇంజను, గేర్‌బాక్సు లోపలి భాగాలకే అది వర్తిస్తుంది. క్లచ్ ప్లేటు, బ్రేకులు, బ్యాటరీ, టైర్లు, సస్పెన్షన్ బుష్‌లు అరిగే సామాను కింద పక్కన పెడతారు. చాలా పథకాల్లో ఏసీ కూడా ఉండదు. ఐదారేళ్ల చిన్న కారుకు మొదటి ఏడాదిలో ఖర్చు తెచ్చేవి ఎక్కువగా ఈ పక్కన పెట్టిన సామానే. అందుకని వారంటీ ఉందన్న ధైర్యంతో క్లచ్‌నూ ఏసీనీ పరీక్షించకుండా వదిలేయడం పొరపాటు. వారంటీ నిలవాలంటే సర్వీసు వాళ్ల దగ్గరే చేయించాలన్న షరతు కూడా చాలాచోట్ల ఉంటుంది. ఊళ్లో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ లేనివాళ్లకు అలాంటి వారంటీ పెద్దగా పనికిరాదు.

డీలర్‌ను కాగితాలతో కొలవడం

మాటతీరును బట్టి డీలర్‌ను అంచనా వేయడం కష్టం. కాగితాలను బట్టి వేయడం తేలిక. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 2022 డిసెంబరులో చేసిన మార్పులు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం, రిజిస్టరైన వాహనాలు కొని అమ్మే డీలర్ రవాణా శాఖ నుంచి ఆథరైజేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అది ఐదేళ్లు చెల్లుతుంది. పాత యజమాని బండిని డీలర్‌కు అప్పగించినప్పుడు ఫారం 29సీ ద్వారా ఆ సంగతి రవాణా శాఖకు తెలియజేయాలి. అక్కడి నుంచి బండి బాధ్యత డీలర్‌ది. బండిని ట్రయల్‌కో, రిపేరుకో బయటికి తీస్తే దాన్ని కూడా ట్రిప్ రిజిస్టరులో రాయాలి.

ఈ నిబంధన రాకముందు నడిచిన పద్ధతి ఇప్పటికీ చాలా ఊళ్లలో ఉంది. పాత యజమాని ఫారం 29, ఫారం 30 మీద ఖాళీగా సంతకాలు పెట్టి ఇచ్చేస్తాడు. బండి ఒక చేతి నుంచి ఇంకో చేతికి, అక్కడి నుంచి మూడో చేతికి వెళ్తుంది. ఆర్‌సీలో పేరు మాత్రం మారదు. అలాంటి బండి కొన్నవాళ్లకు సంతకం సరిపోలేదనో, ఆధార్ ఓటీపీ పాత యజమాని ఫోనుకు వెళ్తోందనో ఆర్టీఏ ఆఫీసు చుట్టూ తిరగడమే మిగులుతుంది. కాబట్టి డీలర్‌ను అడగాల్సింది సూటిగా రెండే: రవాణా శాఖ ఇచ్చిన సర్టిఫికెట్ ఉందా? ఈ బండికి 29సీ పెట్టారా? ఈ రెండూ చూపించే డీలర్ మిగతా విషయాల్లో కూడా లెక్క ప్రకారం ఉండే అవకాశం ఎక్కువ. ‘అవన్నీ మేం చూసుకుంటాం, మీకెందుకు’ అనే డీలర్ దగ్గర ఎంత చవకగా దొరికినా బండి కొనకపోవడం మంచిది.

తర్వాత ఇంటి దగ్గరే చేయగలిగే పని ఉంది. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఎన్నో ఓనరు, రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది, ఏ బ్యాంకు దగ్గరైనా హైపోథికేషన్ ఉందా అన్నవి కనిపిస్తాయి. హైపోథికేషన్ ఉంటే అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ, ఫారం 35 చేతిలో పడేదాకా పూర్తి డబ్బు ఇవ్వకూడదు. చలాన్లు విడిగా చూసుకోవాలి. తెలంగాణలో పోలీసుల ఈ-చలాన్ సైట్ వేరు, కేంద్రానిది వేరు. ఒకదానిలో సున్నా కనిపించినా రెండోదానిలో వేలల్లో ఉండవచ్చు.

బండి చెప్పే నిజాలు

తెలుగు రాష్ట్రాల్లో ఈ మధ్య కాలంలో పాత కారు కొనేవాళ్లు ముఖ్యంగా భయపడాల్సింది మునిగిన బండికి. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు నీట మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ లాంటి చోట్ల నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. అలా మునిగిన బండ్లలో రిపేరు ఖర్చు విలువను మించిన వాటిని ఇన్సూరెన్స్ కంపెనీలు టోటల్ లాస్ కింద లెక్కగట్టి వేలం వేస్తాయి. వేలంలో కొన్నవాళ్లు వాటిని కడిగి, ఆరబెట్టి, సీటు కవర్లు మార్చి మళ్లీ అమ్మకానికి పెట్టడం జరుగుతుంది. ఇంజను నడుస్తుంది, పెయింటు మెరుస్తుంది. ఆరు నెలల తర్వాత వైరింగ్ కనెక్టర్లు తుప్పు పట్టి ఒక రోజు పవర్ విండో, ఒక రోజు మీటరు, మరో రోజు ఏకంగా ఇంజను ఆగిపోతుంది. ఈ రకం రిపేరు ఎక్కడ మొదలైందో మెకానిక్‌కు దొరకదు, ఖర్చు ఎక్కడ ఆగుతుందో యజమానికి తెలియదు.

ఇలాంటి బండిని పట్టుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. డ్రైవర్ సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగాలి. పైన కనిపించే మూరెడు భాగం శుభ్రంగా ఉండి, ఎప్పుడూ లోపలే చుట్టుకుని ఉండే చివరి భాగంలో మట్టి గీత కనిపిస్తే నీళ్లు ఎంత ఎత్తు వరకు వచ్చాయో కూడా తెలిసిపోతుంది. తర్వాత సీటును వెనక్కి జరిపి, పట్టాల కింద సన్నటి ఒండ్రు మట్టి ఉందేమో ఫోను టార్చితో చూడాలి. సీటును ఫ్లోరుకు బిగించిన బోల్టులకు తుప్పు పట్టి ఉంటే అనుమానించాల్సిందే. డిక్కీలో కార్పెట్ ఎత్తి స్టెప్నీ గుంతలో చెయ్యి పెట్టి చూడాలి. ఏసీని బయటి గాలి మీద కాకుండా లోపలి గాలి మీద పెట్టి ఐదు నిమిషాలు నడిపితే ముక్క వాసన వస్తుంది. ఘాటైన పర్‌ఫ్యూం కొట్టిన బండి అయితే ఇంకాస్త ఎక్కువసేపు కూర్చోవాలి.

రెండో మోసం మీటరు వెనక్కి తిప్పడం. దీన్ని ఒక్క ఆధారంతో కాక, రెండుమూడు ఆధారాలు పక్కపక్కన పెట్టి తేల్చాలి. ఉదాహరణకు 2019 ఆగస్టులో రిజిస్టరైన బండి మీటరులో 34,000 కిలోమీటర్లు ఉన్నాయనుకుందాం. ప్రతి టైరు పక్క గోడ మీద తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారం. చిన్న కారు టైర్లు మామూలుగా 40,000 కిలోమీటర్ల దాకా వస్తాయి. బండి నిజంగా 34,000 మాత్రమే తిరిగి ఉంటే 2019 నాటి టైర్లే ఉండాలి, అవి అరుగుదలకు దగ్గర పడి ఉండాలి. అలా కాక నాలుగు టైర్లూ 2023లో తయారైనవి అయితే పాత టైర్లు ఎందుకు మార్చారో అడగాలి. గట్టి జవాబు రాకపోతే సర్వీస్ రికార్డుకు వెళ్లాలి. రిజిస్ట్రేషన్ నంబరు చెబితే కంపెనీ సర్వీస్ సెంటరులో ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీసు జరిగిందో కంప్యూటరులో కనిపిస్తుంది. 2022 మార్చిలోనే 41,000 అని ఉంటే ఇక చర్చ అనవసరం. రికార్డు 2021లో ఆగిపోయి ఉంటే మాత్రం తర్వాత బయట చేయించారో, అసలు చేయించలేదో తేలదు. అలాంటప్పుడు క్లచ్, బ్రేకు పెడళ్ల రబ్బరు, స్టీరింగ్ మీద చెయ్యి ఆనే చోట, డ్రైవర్ సీటు అంచు ఎంత అరిగాయో చూసి అంచనాకు రావాలి. ఇవి కొత్తగా మెరుస్తూ పక్క సీటు మాత్రం పాతబడి ఉంటే మార్చారనే అర్థం.

యాక్సిడెంట్ సంగతికి వస్తే, బంపరుకు గీతలు పడి పెయింటు వేయించడం దోషం కాదు, ఊళ్లో తిరిగే బండికి అది తప్పదు. దెబ్బ బాడీ ఫ్రేముకు తగిలిందా అన్నదే ముఖ్యం. బానెట్ ఎత్తి రెండు పక్కలా ఉండే ఏప్రన్‌ను, తలుపులు తీసి పిల్లర్లను చూడాలి. ఫ్యాక్టరీ వెల్డింగ్ చుక్కలు సమాన దూరంలో, ఒకే తీరుగా ఉంటాయి. చేతి వెల్డింగ్ గరుకుగా, మీద ముద్ద పూసినట్టు ఉంటుంది. బానెట్ బోల్టుల మీద పెయింటు లేచిపోయి ఉంటే వాటిని ఎవరో విప్పారు. మంచి డీలర్ల దగ్గర పెయింటు మందం కొలిచే చిన్న మీటరు ఉంటుంది. ఫ్యాక్టరీ పెయింటు సుమారు 80 నుంచి 150 మైక్రాన్లు. ఒక ప్యానెల్ మీద మాత్రం 300 దాటితే మళ్లీ పెయింటు పడింది, ఇంకా బాగా ఎక్కువ చూపిస్తే కింద పుట్టీ ఉంది. ఆ మీటరును కొనేవాళ్ల చేతికే ఇచ్చి ‘మీరే చూసుకోండి’ అనే డీలర్‌కు మంచి మార్కులు వేయవచ్చు. బయటి మెకానిక్‌ను తెచ్చుకోనివ్వడం, పొద్దున్నే చల్లటి ఇంజనును మన ముందే స్టార్ట్ చేయడం కూడా అదే కోవలోవి.

ఏ మోడల్ ఎంతకు పడుతుంది

చిన్న కార్లను పోల్చేటప్పుడు ముందు మైలేజ్ అడగడం అలవాటు. కానీ సెకండ్ హ్యాండ్ బండి ఖర్చులో పెట్రోలుతో సమానంగా, కొన్నిసార్లు అంతకు మించి, తినేది బండి విలువ తగ్గడం. కొన్న ధరలోంచి నాలుగేళ్ల తర్వాత అమ్మిన ధర తీసేస్తే మిగిలేదే ఆ ఖర్చు. జేబులోంచి ఏ నెలా కనిపించేలా పోదు కాబట్టి దాన్ని ఎవరూ లెక్కలో వేయరు.

ఒకే సంవత్సరానికి చెందిన మారుతి వ్యాగన్ఆర్ 1.0 పెట్రోలు, టాటా టియాగో 1.2 పెట్రోలు తీసుకుని లెక్క వేసి చూద్దాం. ఇక్కడి ధరలు లెక్క అర్థం కావడానికి అనుకున్నవి. కొనేవాళ్లు తమ ఊరి ధరలు అక్కడ పెట్టుకోవాలి. ఏడాదికి 10,000 కిలోమీటర్లు, పెట్రోలు లీటరు 108 రూపాయలు, నాలుగేళ్లు ఉంచుకుంటారు. వ్యాగన్ఆర్‌కు కంపెనీ చెప్పే మైలేజ్ లీటరుకు 24 కిలోమీటర్ల పైమాటే, కానీ ఏసీ వేసుకుని ఊళ్లో తిరిగితే 17 అనుకోవడం న్యాయం. టియాగోకు 15 అనుకుందాం. అప్పుడు పెట్రోలుకు వ్యాగన్ఆర్‌కు ఏడాదికి 63,500, టియాగోకు 72,000 అవుతుంది. వ్యాగన్ఆర్ 4.30 లక్షలకు కొని 2.70 లక్షలకు అమ్మితే ఏడాదికి 40,000 తరిగినట్టు. టియాగో 3.90కి కొని 2 లక్షలకు అమ్మితే 47,500 తరిగినట్టు. సర్వీసు, టైర్లు, ఇన్సూరెన్స్ కలిపి వ్యాగన్ఆర్‌కు 17,000, టియాగోకు 19,500 వేసుకుంటే మొత్తం ఏడాదికి 1,20,500, 1,39,000 వస్తాయి. అంటే కిలోమీటరుకు సుమారు 12 రూపాయలు, 14 రూపాయలు.

ఇక్కడితో ఆగితే మారుతి గెలిచినట్టే. మారుతి బండ్లకు రీసేల్ బాగుంటుందన్న పేరు కూడా ఊరికే రాలేదు. ఏ మండలంలోనైనా మెకానిక్ దొరుకుతాడు, స్పేర్ పార్టులు దొరుకుతాయి, కాబట్టి కొనేవాళ్లూ దొరుకుతారు. కానీ అదే పేరు వల్ల సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు కూడా మారుతికి ఎక్కువ ఇవ్వాల్సి వస్తుంది. ఇప్పుడు అదే టియాగోను గట్టిగా బేరమాడి 3.30 లక్షలకు తెచ్చుకున్నారనుకుందాం. నాలుగేళ్ల తర్వాత అదే 2 లక్షలకు అమ్మితే తరుగుదల ఏడాదికి 32,500కు దిగుతుంది, మొత్తం ఖర్చు 1,24,000. కిలోమీటరుకు పన్నెండున్నర లోపే. రెండింటికీ తేడా దాదాపు పోయింది. రీసేల్ తక్కువ ఉన్న మోడల్ మొదటి యజమానికి నష్టం, తగ్గించి కొన్న రెండో యజమానికి లాభం. పైగా గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో పెద్దల భద్రతకు టియాగోకు 2020లో నాలుగు స్టార్లు, వ్యాగన్ఆర్‌కు 2023లో ఒకటే స్టారు వచ్చాయి. పిల్లలతో హైవే మీద తరచూ తిరిగే కుటుంబం కిలోమీటరుకు అర్ధ రూపాయి ఎక్కువైనా టియాగో వైపు మొగ్గడంలో తప్పు లేదు.

తిరిగే దూరం మారితే లెక్క మారిపోతుంది. ఏడాదికి 5,000 కిలోమీటర్లే తిరిగే ఇంట్లో వ్యాగన్ఆర్ పెట్రోలు ఖర్చు 32,000కు పడిపోతుంది, తరుగుదల మాత్రం ఇంచుమించు 40,000 దగ్గరే ఉంటుంది. అలాంటివాళ్లు మైలేజ్ గురించి ఆలోచించడం మానేసి, తక్కువ ధరకు దొరికే మంచి కండిషన్ బండిని చూసుకోవాలి. వాళ్లకు హ్యుందాయ్ గ్రాండ్ ఐ10 నియోస్ లాంటి, మైలేజ్ కాస్త తక్కువైనా నడపడానికి హాయిగా ఉండే బండి భారం కాదు. రోజూ నలభై యాభై కిలోమీటర్లు తిరిగేవాళ్లకు సీఎన్‌జీ నిజంగా కలిసొస్తుంది. కిలో 95 రూపాయలు, కిలోకు 25 కిలోమీటర్లు అనుకుంటే కిలోమీటరుకు 3.80 పడుతుంది. పెట్రోలుకు 6.35. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగితే 38,000 మిగులుతుంది. అయితే సిలిండరుకు మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు తప్పనిసరి, ఆ సర్టిఫికెట్ తేదీ చూడాలి. బయట బిగించిన కిట్ అయితే ఆర్‌సీలో సీఎన్‌జీ అని రాసి ఉండాలి. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమును తిప్పికొట్టే వీలుంటుంది.

ధర కట్టేటప్పుడు ఒక తాజా విషయం గుర్తుంచుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. అంతకు ముందు చిన్న పెట్రోలు కార్ల మీద సెస్సుతో కలిపి 29 శాతం ఉండేది. కొత్త బండి ధర తగ్గితే పాత బండి ధరా తగ్గాలి. పాత యజమాని తాను కొన్న రోజుల్లోని షోరూం ధర చెప్పి బేరం మొదలుపెడితే, ఇవాళ్టి షోరూం ధర ముందు పెట్టాలి.

ఢిల్లీ నుంచి వచ్చే బండ్ల సంగతీ చెప్పుకోవాలి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద ఉన్న ఆంక్షల వల్ల ఆ వయసుకు దగ్గరపడిన కార్లు ఇక్కడికి చవకగా వస్తాయి. ఎన్ఓసీ తెప్పించుకుని ఇక్కడ రిజిస్టర్ చేయించాలి, వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఆ ట్యాక్స్ కలిపాక ధర ఎంతో చూసుకోకుండా చవక అనుకోకూడదు. మారుతి 2020 ఏప్రిల్ నాటికి డీజిల్ కార్లే ఆపేసింది, కాబట్టి పాత స్విఫ్ట్ డీజిల్ ఇప్పుడు కొని నాలుగేళ్ల తర్వాత అమ్ముదామంటే కొనేవాళ్లు బాగా తగ్గిపోతారు.

అమ్మే రోజు

రీసేల్ ధర నిలవాలంటే కొన్నప్పుడే అమ్మే సంవత్సరం లెక్క వేసుకోవాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు. ఆ గడువు దగ్గరపడిన బండిని కొనేవాళ్లు రెన్యువల్ ఖర్చు, ఫిట్‌నెస్ తలనొప్పి ధరలోంచి కోసేస్తారు. ఐదారేళ్ల బండి కొని పది పన్నెండేళ్ల లోపు అమ్మడం అందుకే మంచిది. సర్వీసు బిల్లులన్నీ ఒక ఫైల్లో ఉంచితే అమ్మేటప్పుడు బేరంలో పనికొస్తాయి. ఇన్సూరెన్స్ నో క్లెయిమ్ బోనస్ బండికి కాదు, మనిషికి చెందుతుంది. కాబట్టి పాత బండి అమ్మేటప్పుడు కంపెనీ నుంచి ఆ సర్టిఫికెట్ తీసుకుని తర్వాత కొనే బండికి వాడుకోవచ్చు. కొన్నవాళ్లు కూడా పద్నాలుగు రోజుల్లో పాలసీని తమ పేరుకు మార్పించుకోవాలి.

డీలర్‌కు అమ్మినా, పక్కింటివాళ్లకు అమ్మినా బండి తాళాలు ఇవ్వడంతో పని అయిపోదు. ఆర్‌సీలో పేరున్న వ్యక్తే చట్టం దృష్టిలో యజమాని అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. పేరు మారని బండి ప్రమాదం చేస్తే, అది ఎన్ని చేతులు మారినా, పరిహారం బాధ్యత మొదట ఆ పేరున్నవాళ్ల మీదికే వస్తుంది. డీలర్‌కు ఇస్తే 29సీ నమోదైన కాపీ, నేరుగా అమ్మితే పేరు మారిన ఆర్‌సీ ఫోటో అందేదాకా అమ్మకం పూర్తయినట్టు అనుకోవద్దు. కొన్న బండి విషయంలో డీలర్ రాతపూర్వకంగా ఇచ్చిన మాట తప్పితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అక్కడ చూపించడానికి తనిఖీ నివేదిక, వారంటీ కాగితం, డీలర్ పేరు మీద జీఎస్టీ నంబరుతో ఉన్న బిల్లు కావాలి. ఆ మూడూ డబ్బు చెల్లించిన రోజే అడిగి తీసుకోవాలి.